మూత పడకముందే చూద్దాం

(మా ఊరి చదువు కేంద్రంలో రాత్రిపూట చేసిన ప్రసంగం)



ఈ రోజు పుస్తకం పక్కన పెడదాం. పలకలు మాత్రం చేతిలోనే ఉంచుకోండి. బలపం కూడా పట్టుకోండి. నేను టేపు తెచ్చాను. ఈ టేపుతో మనకు పని ఉంది.

మన కేంద్రానికి వచ్చే అక్క ఒకరు ఇల్లు కట్టుకుంటున్నారు. మీ అందరికీ తెలుసు. ఎల్లుండి పొద్దున ఆ ఇంటి వసారా బీముకు కాంక్రీటు పోస్తారు. పోసిన తరువాత లోపల ఏముందో ఎవరికీ కనబడదు. అందుకే ఈ మాటలు ఈ రోజే చెప్పుకోవాలి.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. నా చిన్నప్పుడు మా అవ్వ వసారాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తా ఉండింది. ఉన్నట్టుండి పైనున్న బీము అడుగు నుంచి ఒక పెచ్చు ఊడి అవ్వ భుజం మీద పడింది. చెయ్యి విరిగింది. ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. ఆ ఇల్లు కట్టి అప్పటికి పన్నెండు ఏళ్ళే.

మా నాయన కమ్మీ పని చేసేవాడు. ఆ ఇల్లు కట్టినప్పుడు మాత్రం ఆయన వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. పెచ్చు ఊడిన చోట నిచ్చెన వేసుకుని చూశాడు. కమ్మీ తుప్పు పట్టి, పొరలు పొరలుగా లేచి ఉంది. దాని కింద కాంక్రీటు చిటికెన వేలంత మందం కూడా లేదు. "కమ్మీని పలక మీదనే పడుకోబెట్టి పోసేసినారు" అన్నాడు. సున్నం కొట్టిన బీము పన్నెండేళ్ళూ బాగానే కనబడింది. లోపల మాత్రం మొదటి రోజే తప్పు జరిగిపోయింది.

ఆ తప్పు కనిపెట్టడానికి పెద్ద చదువు అక్కరలేదు. టేపు మీద అంకెలు చదవడం వస్తే చాలు. ఇప్పుడు మీకు వచ్చు. కాంక్రీటు పోయకముందు మూడు చోట్ల టేపు పెట్టి చూడాలి. ఆ మూడే ఈ రోజు చెబుతాను.

కమ్మీ ఎందుకు పెడతారు?

కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది. లాగితే ఓర్చుకోదు. ఒక సుద్దముక్కను రెండు వేళ్ళ మధ్య నిలువుగా పట్టి నొక్కండి. అంత తొందరగా విరగదు. అదే సుద్దముక్కను అడ్డంగా పట్టి వంచండి. టప్పున విరుగుతుంది. కింది పక్క సాగలేక ముందు అక్కడ తెగుతుంది.

రెండు పిల్లర్ల మధ్య ఉన్న బీము కూడా అంతే. పైన స్లాబు బరువు పడితే బీము నడుమ కొంచెం కిందికి వంగుతుంది. కింది పక్క లాగుడు పుడుతుంది. ఆ లాగుడును పట్టుకోవడానికే అడుగున ఇనుప కమ్మీలు పెడతారు. వీటిని కొందరు చువ్వలంటారు, కొందరు ఊచలంటారు, కొందరు రాడ్లంటారు. ఏ పేరైనా పని ఒకటే.

కమ్మీ ఈ పని చెయ్యాలంటే కాంక్రీటు దాన్ని చుట్టూ గట్టిగా పట్టుకుని ఉండాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి. మిగతావన్నీ దీని నుంచే వస్తాయి.

మొదటి కొలత: కమ్మీ మీద మందం

మన ఒంట్లో ఎముక ఉంది. ఎముక మీద కండ ఉంది, చర్మం ఉంది. ఎముక బయటపడితే ఏమవుతుంది? కమ్మీకీ అంతే. కమ్మీ చుట్టూ కాంక్రీటు కండలాగా ఉండాలి. ఈ మందాన్ని మేస్త్రీలు కవరు అంటారు.

సిమెంటుకు సున్నపు గుణం ఉంది. ఆ గుణం ఉన్నంత కాలం లోపలి ఇనుము తుప్పు పట్టదు. మందం తక్కువైతే గాలీ తేమా తొందరగా లోపలికి పోతాయి. కమ్మీ తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎక్కువ చోటు అడుగుతుంది. నానిన శనగలు డబ్బాలో ఉబ్బినట్టు లోపల ఉబ్బుతుంది. ఉబ్బి కాంక్రీటును బయటికి నెడుతుంది. ముందు కమ్మీ వెంబడి సన్నని బీట వస్తుంది. తరువాత ఎర్రటి చార వస్తుంది. ఆ తరువాత పెచ్చు ఊడుతుంది. మా అవ్వ మీద పడింది అదే.

మరి మందం ఎంత ఉండాలి? అక్క ఇంటికి ఇంజనీరు గారు ఇచ్చిన కాగితంలో ఇలా ఉంది. పలక మీద రాసుకోండి.

బీముకు 30 మిల్లీమీటర్లు.
పిల్లరుకు 40 మిల్లీమీటర్లు.
పునాదిలో, మట్టి తగిలే చోట 50 మిల్లీమీటర్లు.

టేపులో ఒక అంగుళం అంటే సుమారు 25 మిల్లీమీటర్లు. కాబట్టి బీముకు ఒక అంగుళం కన్నా కొంచెం ఎక్కువ. పిల్లరుకు ఒకటిన్నర అంగుళం. పునాదికి రెండు అంగుళాలు. సముద్రపు ఒడ్డున ఉప్పు గాలి తగిలే ఊళ్ళలో ఇవి చాలవు. అక్కడ ఎంత కావాలో ఇంజనీరు చెప్పాలి.

ఈ మందం దానంతట అది రాదు. కమ్మీని పలక మీద నుంచి పైకి ఎత్తి నిలబెట్టడానికి కింద ఏదైనా పెట్టాలి. దానికే సిమెంటు బిళ్ళలు. వీటిని కవర్ బ్లాకులు అంటారు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక కలపాలి. నీళ్ళు తక్కువ పోసి గట్టిగా కలపాలి. ఎంత మందం కావాలో అంత మందం పట్టీలు నేల మీద పెట్టి, వాటి మధ్య ఈ సిమెంటు పరిచి చదును చెయ్యాలి. పచ్చిగా ఉన్నప్పుడే రెండు అంగుళాల చదరాలుగా కొయ్యాలి. ఒక్కొక్క దానిలో రెండు కొసలు పైకి ఉండేట్టు కట్టుడు తీగ గుచ్చాలి. మరుసటి రోజు తీసి, కనీసం ఏడు రోజులు నీళ్ళలో నానబెట్టాలి.

ఈ బిళ్ళలు చేసేది చాలా చోట్ల ఆడకూలీలే. ఇక్కడ కూర్చున్న వారిలో ఇద్దరు చేశారు కూడా. కానీ ఎక్కడ ఏ మందం పెట్టాలో మనకు ఎవరూ చెప్పలేదు. అందుకని చేతికి వచ్చిన మందం చేశాము. ఇక మీదట 30వి వేరు కుప్ప, 40వి వేరు కుప్ప, 50వి వేరు కుప్ప పెట్టండి. కుప్ప పక్కన బొగ్గుతో అంకె రాయండి.

బిళ్ళను కమ్మీల చుట్టూ ఉండే రింగుకు తీగతో కట్టాలి. మూడు అడుగులకు ఒక చోట ఉండాలి. అడుగున ఒక్కటే కాదు, పక్కలకు కూడా కట్టాలి. లేకుంటే కమ్మీల గూడు ఒక పక్కకు జరిగి సెంట్రింగు పలకకు ఆనుకుంటుంది.

బిళ్ళలు లేనప్పుడు కంకర రాయి పెడతారు. గుండ్రటి రాయి కాంక్రీటు కుదిపేటప్పుడు జారిపోతుంది. కమ్మీ మళ్ళీ పలక మీద పడుతుంది. ఇటుక ముక్క పెడతారు. అది నీళ్ళు పీలుస్తుంది, ఆ తేమను కమ్మీ దాకా తీసుకుపోతుంది. కట్టె ముక్క పెడతారు. అది కొన్నేళ్ళకు పుచ్చిపోయి సందు చేస్తుంది. ఈ మూడూ వద్దు. ప్లాస్టిక్ బిళ్ళలు అంగళ్ళలో దొరుకుతాయి. మందం అంకె చూసి అవి తెచ్చుకున్నా సరే.

పిల్లరు సంగతి ఇంకొకటి ఉంది. పోయిన నెల అక్క ఇంటి పిల్లర్లు వేసేటప్పుడు ఇంజనీరు గారు దీన్ని చూపించారు. పిల్లరు 9 అంగుళాలు, 12 అంగుళాలు. చుట్టూ ఒకటిన్నర అంగుళం మందం కావాలి. రెండు పక్కలా కలిపితే మూడు అంగుళాలు. పలక మీద తీసివేత చెయ్యండి. 9లో 3 పోతే 6. 12లో 3 పోతే 9. అంటే రింగు బయటి కొలత 6 అంగుళాలు, 9 అంగుళాలు ఉండాలి. కమ్మీ వంచే ఆయన అలవాటు కొద్దీ 7, 10 అంగుళాల రింగులు చేసి తెచ్చాడు. ఆ రింగులు పెడితే ఒకటిన్నర అంగుళం బిళ్ళ పట్టదు. పట్టకపోతే ఏం చేస్తారు? బిళ్ళ తీసేస్తారు. చూశారా, రింగు పెద్దదైతే మందం పోతుంది. కాబట్టి రింగులు వచ్చిన రోజే ఒక రింగు చేతికి తీసుకుని కొలవండి. పిల్లరు లేచాక కొలిస్తే లాభం లేదు.

రెండవ కొలత: అతుకు పొడవు

మనలో చాలా మందికి తాడు పేనడం తెలుసు. పేనేటప్పుడు ఒక పోగు అయిపోతుంది. ఇంకో పోగు కలుపుతాము. కొసకు కొస ఆనిస్తే తాడు నిలుస్తుందా? నిలవదు. పాత పోగు పక్కన కొత్త పోగును జానెడో మూరెడో జతగా పోనిచ్చి పేనుతాము. రెండు పోగులూ ఒకే చోట అయిపోకుండా కూడా చూసుకుంటాము. అన్ని అతుకులూ ఒకే చోట పడితే తాడు అక్కడే తెగుతుందని మనకు తెలుసు.

కమ్మీ అతుకు కూడా ఇదే. రెండు కమ్మీలను పక్కపక్కన కొంత దూరం జతగా పెట్టి తీగతో కడతారు. దీన్ని లాపు అంటారు. ఇక్కడ ఒక మాట. బరువు మోసేది ఆ తీగ కాదు. తీగ కమ్మీలు కదలకుండా పట్టుకోవడానికి మాత్రమే. ఒక కమ్మీలోని లాగుడు చుట్టూ ఉన్న కాంక్రీటులోకి పోయి, అక్కడి నుంచి రెండవ కమ్మీలోకి పోతుంది. దానికి చాలినంత పొడవు కావాలి. పొడవు తక్కువైతే కమ్మీ కాంక్రీటులో నుంచి జారుతుంది.

ఎంత పొడవు? కమ్మీ లావును బట్టి ఉంటుంది. ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరికేది 500 రకం కమ్మీ. కమ్మీ మీదనే ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. వెతికి చదవండి. ఇళ్ళకు మామూలుగా వేసే ఎం 20 రకం కాంక్రీటులో ఈ కమ్మీకి లాగుడు పడే చోట అతుకు పొడవు, లావుకు 57 రెట్లు ఉండాలి.

లెక్క చేద్దాం. అక్క ఇంటి కమ్మీ లావు 12 మిల్లీమీటర్లు. 12ను 57తో గుణిస్తే 684 మిల్లీమీటర్లు. టేపులో చూడండి. 27 అంగుళాలు. అంటే రెండుంపావు అడుగులు. 16 మిల్లీమీటర్ల లావు కమ్మీ అయితే 912. అంటే మూడు అడుగులు. ఈ రెండు అంకెలు పలక మీద రాసి, చుట్టూ గీత గీయండి. 12కు 27 అంగుళాలు. 16కు 3 అడుగులు.

నిన్న సాయంత్రం నేనూ అక్కా పోయి బీము చూశాము. వసారా బీము మూడు పిల్లర్ల మీద పోతుంది. పిల్లరుకూ పిల్లరుకూ నడుమ 10 అడుగుల ఎడం. పిల్లర్లతో కలిపి బీము పొడవు 23 అడుగులు. అడుగున మూడు కమ్మీలు ఉన్నాయి. మేస్త్రీ మిగులు ముక్కలు వాడాడు. 17 అడుగుల ముక్కకు 7 అడుగుల ముక్క అతికాడు. అక్క టేపు పెట్టింది. నేను చెప్పకుండానే చదివింది. "పదమూడు అంగుళాలు" అంది.

27 ఉండాల్సిన చోట 13. సగం కూడా లేదు. ఇంకా రెండు తప్పులు ఉన్నాయి. మూడు కమ్మీల అతుకులూ ఒకే చోట పడ్డాయి. ఆ చోటు కూడా రెండవ ఎడానికి సరిగ్గా నడుమ ఉంది. కింది కమ్మీకి లాగుడు అన్నిటికన్నా ఎక్కువ ఉండేది నడుమనే. తాడులో అన్ని పోగుల అతుకులూ ఒకే చోట వేసి, ఆ చోటనే బిందె కట్టినట్టు ఉంది.

మేస్త్రీ మంచివాడే. "అమ్మా, తీగతో నాలుగు కట్లు వేసినాను కదా, ఏం కాదు" అన్నాడు. అక్క కోపపడలేదు. ఇంజనీరు గారి కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. "అన్నా, ఇక్కడ ఇట్లా ఉంది. ఈ రోజు ఇప్పుడు మార్చితే ఒక కమ్మీ పోతుంది. పోసినాక మార్చలేము కదా" అంది. రాత్రి ఇంజనీరు గారికి ఫోను చేసి అడిగారు కూడా.

ఈ రోజు పొద్దున మార్చారు. మూడింటిలో ఒక కమ్మీని అతుకు లేకుండా ఒకటే నిండుగా పెట్టారు. మిగతా రెండింటి అతుకులను నడిమి పిల్లరు దగ్గరకు తెచ్చారు. ఒకటి పిల్లరుకు ఈ పక్క, ఒకటి ఆ పక్క. ఒక్కొక్కటి 27 అంగుళాలు. కింది కమ్మీకి పిల్లరు దగ్గర లాగుడు తక్కువ. అందుకే అతుకు అక్కడ వెయ్యాలి. బీము పై కమ్మీలకు మాత్రం ఇది తిరగబడుతుంది. నడిమి పిల్లరు మీద బీము పైకి ఉబ్బుతుంది. అక్కడ పై పక్క లాగుడు ఎక్కువ. కాబట్టి పై కమ్మీల అతుకు పిల్లరు దగ్గర వద్దు, ఎడానికి నడుమ వెయ్యాలి.

దీనికంతా కొత్తగా పట్టింది ఒక్క కమ్మీ. 12 మీటర్ల పొడవు, బరువు 11 కిలోల లోపే.

పిల్లర్ల దగ్గర కూడా అతుకు సంగతి వస్తుంది. తరువాత మేడ వేసుకుందామని పిల్లరు మీద కమ్మీలు పైకి వదులుతాము. చాలా ఇళ్ళ మీద అడుగు మాత్రమే వదిలి ఉంటుంది. రేపు అతకాలంటే ఆ అడుగు చాలదు. 12 కమ్మీకి 27 అంగుళాలకు తక్కువ లేకుండా వదలాలి. ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ తుప్పు పట్టకుండా వాటికి సిమెంటు పాలు పూసి ఉంచాలి.

మూడవ కొలత: రింగుల ఎడం

పొడవు కమ్మీలను చుట్టి ఉండే చిన్న కమ్మీలే రింగులు. మామూలుగా 8 మిల్లీమీటర్ల లావు ఉంటాయి. చాలా మంది ఇవి పొడవు కమ్మీలను పట్టుకోవడానికే అనుకుంటారు. కాదు. వీటికి వేరే పని ఉంది.

పిల్లరులో చూద్దాం. ఒక కట్టెల మోపును నిలువుగా నిలబెట్టి పైన బరువు పెట్టండి. కట్లు దగ్గరగా ఉంటే మోపు నిలుస్తుంది. కట్లు దూరంగా ఉంటే నడుమ కట్టెలు బయటికి వంగుతాయి. పిల్లరులో రింగు ఆ కట్టు లాంటిది. కమ్మీలు బయటికి వంగకుండా పట్టుకుంటుంది.

బీములో ఇంకో రకం. బీము బరువంతా పిల్లరు దగ్గరికి వచ్చి దిగుతుంది. అందుకే పిల్లరు దగ్గర బీముకు ఏటవాలుగా బీట వస్తుంది. పొడవు కమ్మీ ఆ బీటను ఆపలేదు. రింగులు ఆ బీటను కుట్టు వేసినట్టు పట్టుకుంటాయి. కాబట్టి పిల్లరు దగ్గర రింగులు దగ్గరగా ఉండాలి. నడుమ కొంచెం దూరం ఉన్నా సరే.

అక్క ఇంటి కాగితంలో ఉన్నది ఇది. పిల్లరు అంచు నుంచి రెండు అడుగుల దాకా 4 అంగుళాలకు ఒక రింగు. నడుమ 6 అంగుళాలకు ఒకటి. మొదటి రింగు పిల్లరు అంచుకు రెండు అంగుళాలు దాటకూడదు. ఆ ఇంటి కొలతల ప్రకారం బీములో అయినా, పిల్లరులో అయినా ఎక్కడా ఏడున్నర అంగుళాలు మించకూడదు. అది కొస హద్దు. భూకంపాల భయం ఎక్కువ ఉన్న చోట ఇంకా దగ్గర పెట్టాలి.

ఎన్ని రింగులు రావాలో లెక్క వేద్దాం. ఎడం 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. ఈ చివర 24 అంగుళాలు, ఆ చివర 24 అంగుళాలు, నడుమ 72 అంగుళాలు. 24ను 4తో భాగిస్తే 6. ఆ చివర కూడా 6. 72ను 6తో భాగిస్తే 12. మొత్తం 24 ఖాళీలు. ఖాళీల కన్నా రింగు ఒకటి ఎక్కువ. కాబట్టి 25 రింగులు. రెండు ఎడాలకు 50.

నిన్న మేము లెక్క పెట్టాము. ఒక ఎడానికి 14 వచ్చాయి. రెండింటికీ 28. తొమ్మిది అంగుళాలకు ఒకటి చొప్పున కట్టారు. 50లో 28 పోతే 22. ఇరవై రెండు రింగులు తక్కువ. ఒక్కో రింగు 400 గ్రాముల లోపు బరువు. 22 రింగులకు ఇనుము 9 కిలోలు దాటదు. అతుకు కోసం తెచ్చిన కమ్మీతో కలిపినా 20 కిలోలు నిండవు. ఆ 20 కిలోల కోసం బీము బలం పోగొట్టుకుంటామా?

రింగులు కట్టే ముందే ఒక పని చెయ్యాలి. పొడవు కమ్మీ మీద సుద్దముక్కతో గీతలు గీయాలి. ఎక్కడ గీత ఉంటే అక్కడ రింగు. కళ్ళ అంచనాతో కడితే చివర్లో ఖాళీ పెరిగిపోతుంది. గీతలు గీయడం మన పని చేసుకుందాం. సుద్దముక్కలు నేను ఇస్తాను.

ఇంకొకటి చూడండి. రింగు రెండు కొసలు ఎక్కడ కలుస్తాయో అక్కడ వేలు పెట్టండి. ఆ కొసలు లోపలికి, బీము గుండె వైపు వంగి ఉండాలి. మూల దగ్గర కొస కమ్మీని కొక్కెంలాగా పట్టుకుని లోపలికి పోవాలి. కొస పొడవు మూడు అంగుళాలు ఉండాలి. కొందరు పని తొందరలో కొసను పక్కకు తిప్పి వదిలేస్తారు. అలా వదిలితే కాంక్రీటు పెచ్చు ఊడిన రోజు రింగు విప్పుకుంటుంది. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ఛ్ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. కూలిన మేడల పిల్లర్లను ఇంజనీర్లు చూసినప్పుడు, చాలా చోట్ల రింగులు దూరం దూరంగా ఉన్నాయి. కొసలు లోపలికి వంచలేదు. రింగు విడిపోయి కమ్మీలు బయటికి వంగిపోయాయి. కట్టు తెగిన మోపు లాగానే.

పోసే రోజు

ఎల్లుండి పోసేటప్పుడు ఒకరు అక్కడే నిలబడాలి. కూలీలు కమ్మీల మీద నడిస్తే గూడు కుంగుతుంది, బిళ్ళలు పగులుతాయి. నడవడానికి పలకలు వేయించండి. ఏదైనా బిళ్ళ పక్కకు పడితే ఆపి మళ్ళీ కట్టించండి. కాంక్రీటు పడేటప్పుడు బాగా కుదపాలి. కుదపకపోతే కమ్మీ కింద గుల్ల ఏర్పడుతుంది. గుల్ల ఉన్న చోట కమ్మీని కాంక్రీటు పట్టుకోదు. అప్పుడు మనం కొలిచిన 27 అంగుళాలూ వృథా.

సెంట్రింగు విప్పిన రోజు మళ్ళీ చూడండి. అడుగున కమ్మీ గీత కనబడినా, కంకర గుల్లగా కనబడినా పూత వెయ్యనివ్వకండి. పూత వేస్తే తప్పు మూత పడుతుంది కానీ పోదు. ముందు ఇంజనీరుకు చూపించండి.

ఒక హద్దు కూడా చెబుతాను. కమ్మీ ఎంత లావు ఉండాలి, ఎన్ని ఉండాలి అనేది టేపు చెప్పదు. అది బరువును బట్టి ఇంజనీరు లెక్క వేసి చెప్పాలి. నేను చెప్పిన అంకెలు ఈ ఒక్క ఇంటి కాగితంలోవి. మీ ఇంటి కాగితంలో వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి. కాగితం లేకుండా కట్టేవాళ్ళు ముందు కాగితం అడగండి. మన పని, కాగితంలో ఉన్నది కమ్మీలో ఉందా లేదా అని చూడటం.

ఇప్పుడు పలకలు ఎత్తి చూపించండి. బీము 30, పిల్లరు 40, పునాది 50. అతుకు 27 అంగుళాలు. రింగులు చివర 4, నడుమ 6.

అతుకులు సరి అయ్యాయి. బిళ్ళలు 30వి వంద నానుతున్నాయి. తీగ గుచ్చింది మన కేంద్రం వాళ్ళే. 22 రింగులు రేపు మధ్యాహ్నానికి వంచి ఇస్తానని మేస్త్రీ చెప్పాడు. రేపు సాయంత్రం దీపాలు పెట్టకముందే అందరం అక్క ఇంటి దగ్గర కలుద్దాం. ఒకరు టేపు పట్టుకోండి, ఒకరు రింగులు లెక్క పెట్టండి, ఒకరు పలక మీద రాయండి. 50 వస్తే ఎల్లుండి పోయమని చెబుదాం. 49 వచ్చినా ఇంకొకటి కట్టే దాకా ఆగుదాం.

సెలవు.